దారం చెప్పిన దూరం

జిరాక్సు షాపాయన ఊరికే మేలు చేసే మనిషి కాదు, ఊరికే కీడు చేసే మనిషీ కాదు. ఏ పనికైనా పట్టే నిమిషాలూ, అయ్యే కాగితమూ ముందు లెక్కేసుకుని, గిట్టుబాటు అనిపిస్తేనే చేయి పెడతాడు. పెద్దవాళ్ళకి చదువు చెప్పడం మొదలుపెట్టిందీ అలాగే. షాపు బస్టాండుకి వెళ్ళే రోడ్డు మీద ఉంది. ఈ కాగితంలో ఏముందో చూడు, ఆ బస్సు ఎన్నింటికో చెప్పు అంటూ రోజుకి పదిమంది వచ్చేవారు. మనిషికి మూడు నిమిషాలు, పదిమందికి అరగంట. ఏడాదికి నూట ఎనభై గంటలు దాటుతోంది. అదేదో వీళ్ళకే చదవడం నేర్పేస్తే ఏడాది తిరిగేసరికి తన టైము తనకి మిగులుతుందని లెక్క కట్టాడు.

వారానికి మూడు సాయంత్రాలు, ఆరు నుంచి ఏడు దాకా, షాపు వెనక గదిలో కాగితం కట్టల మధ్య క్లాసు. ఆరుగురు వచ్చేవారు. వాళ్ళలో ముఖ్యమైనది ఇస్త్రీ పిన్ని. పక్క సందు మొదట్లో రేకు బడ్డీలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. అరవై దాటాయి, మోకాళ్ళు అరిగాయి, నోరు మాత్రం అరగలేదు. క్లాసులో ఉన్నంతసేపూ ఆయన్ని మాస్టారూ, మీరూ అనేది. గడప దాటగానే అబ్బాయ్, నువ్వూ అనేది. ఆమె తరవాత గోడౌను వాచ్‌మన్. అక్షరం కొత్తగా వచ్చింది కాబట్టి ఏ బోర్డు కనిపించినా ఆగి పైకి చదివేవాడు. ఆ పైన ఆఫీసులు ఊడ్చే తోడికోడళ్ళు. ఒకరు అవునంటే రెండోవాళ్ళు కాదనేవారు.

చదువు పథకం వాళ్ళు ఇచ్చిన పుస్తకాన్ని షాపాయన రెండో వారానికే అటక మీద పెట్టాడు. వీళ్ళకి అందులోని లేడి కథతో పనేముంది? మందు డబ్బా మీది రాత, కరెంటు చీటీ, బస్సుల టైంటేబుల్ ముందేసుకున్నాడు. టైంటేబుల్‌లో ఎడమ పక్క పైనుంచి కిందికి స్టాపుల పేర్లు ఉంటాయని, ఒక్కో బస్సు ఒక్కో నిలువు వరసలో దిగుతుందని చెప్పాడు. మన స్టాపు పేరు పట్టుకుని అడ్డంగా వెళ్ళి మనకి కుదిరే టైము దగ్గర ఆగాలి, అక్కణ్ణుంచి అదే వరసలో కిందికి దిగితే ఎన్నింటికి చేరతామో తెలుస్తుంది. వేలు పక్క వరసలోకి జారిపోతోందని పిన్ని ఫిర్యాదు చేస్తే, అట్టముక్క అంచు ఆనించుకుని దిగమన్నాడు. పన్నెండు దాటిన అంకెలోంచి పన్నెండు తీసెయ్యమన్నాడు. పదిహేను అంటే మూడు, పద్దెనిమిది అంటే ఆరు.

టైము పక్కన ఉన్న చిన్న చుక్క సంగతి మాత్రం ఆయన చెప్పకముందే తోడికోడళ్ళకి తెలిసొచ్చింది. ఒక ఆదివారం ఇద్దరూ బస్సు కోసం గంట నిలబడి, బస్సు రాక, దారంతా ఒకరినొకరు తిట్టుకుంటూ ఇంటికొచ్చారు. తరవాత క్లాసులో ఆయన కాగితం అడుగున వేలు పెట్టి చూపించాడు. చుక్క పెట్టిన బస్సు ఆదివారం లేదు అని చిన్న అక్షరాల్లో రాసుంది. పెద్ద తోడికోడలు దాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివి, మనిషికి అవసరమైన మాటే ఎప్పుడూ చిన్నగా రాస్తారంది. ఆ ఒక్కసారీ చిన్నది కాదనలేదు.

టైంటేబుల్ అయ్యాక మ్యాపు పట్టుకున్నాడు. సర్వే ఆఫీసు అచ్చువేసిన పెద్ద మ్యాపు ఒకటి ఆయన దగ్గర ఉంది. ఊరూ, బస్సు దారీ, చివరి స్టాపైన పంపుహౌసూ, అక్కణ్ణుంచి కాలవ గట్టు మీదుగా ఏటి అవతల డ్యాము కూలీల క్వార్టర్ల దాకా అన్నీ ఉన్నాయి. అడుగున ఒక సెంటీమీటరు అంటే ఐదు వందల మీటర్లు అని రాసుంది. ఆ రాత కింద నలుపూ తెలుపూ గళ్ళతో పట్టీ ఉంది. పట్టీ ఈ చివర సున్నా, ఆ చివర రెండు కిలోమీటర్లు.

అంత మ్యాపు ఒక్కొక్కరికీ ఒకటి తీస్తే పెద్ద కాగితాలు ఖర్చు. సగానికి సగం తగ్గిస్తే మామూలు కాగితం మీద రెండేసి మ్యాపులు పడతాయి. మిషను మీద యాభై అని నొక్కి ఇరవై కాగితాలు తీశాడు. మధ్యకి కోస్తే నలభై మ్యాపులు. గీతలు సన్నబడ్డాయి కానీ రాత చదవడానికి బాగానే ఉంది. చేతికొచ్చిన పని చౌకలో అయిపోయిందని ఆ పూట కాస్త మురిశాడు కూడా.

మ్యాపులు పంచడానికి ముందు ఒక పని పెట్టాడు. షాపు నుంచి బస్టాండు సరిగ్గా అర కిలోమీటరు. స్కూటరు మీటరు మీద ఆయనే చూశాడు. ఎవరికి వాళ్ళు ఆ దూరం నడిచి వాచీ చూసుకు రమ్మన్నాడు. వాచ్‌మన్‌కి ఆరు నిమిషాలు పట్టింది. పిన్నికి తొమ్మిది. అంటే కిలోమీటరుకి పద్దెనిమిది. మ్యాపు దూరం చెబుతుంది, మీ కాళ్ళు టైము చెబుతాయి, రెండూ కలిస్తేనే ప్రయాణం అన్నాడు. ఆ మాట పిన్నికి నచ్చింది. ఎందుకంటే ఆమెకి చెయ్యాల్సిన ప్రయాణం ఒకటి ఉంది.

ఆమె చెల్లెలు ఏటి అవతల డ్యాము క్వార్టర్లలో వంటమనిషి. పది రోజుల కిందట జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇన్నేళ్ళూ పిన్ని అక్కడికి వెళ్ళాలంటే అల్లుడు తీసుకెళ్ళాలి. అతనికి తీరిక ఉండాలి, తీరిక ఉన్నా మనసు ఉండాలి. ఈసారి ఎవరి గడ్డమూ పట్టుకోను, నా అంతట నేనే వెళ్తానని ఆమె క్లాసులోనే తేల్చి చెప్పింది. షాపాయన దాన్నే అందరికీ లెక్కగా ఇచ్చాడు. పంపుహౌసు స్టాపు నుంచి క్వార్టర్లకి ఎంత దూరం?

తోడికోడళ్ళు స్కేలు పెట్టి కొలిచారు. వంకర దారి కాబట్టి ముక్కలు ముక్కలుగా కొలిచి కూడారు. ఐదు సెంటీమీటర్లు. ఐదైదులు ఇరవై ఐదు, అంటే రెండు వేల ఐదు వందల మీటర్లు, రెండున్నర కిలోమీటర్లు. లెక్కలో మొదటిసారి ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది. పిన్ని మాత్రం స్కేలు ముట్టలేదు. గుండీలు కుట్టే దారం తీసి దారి వంపుల వెంబడి పరిచింది. చివర ముడి వేసింది. ఆ దారాన్నే తీసి అడుగున ఉన్న గళ్ళ పట్టీ మీద పెట్టి చూసింది. పట్టీ రెండున్నరసార్లు పట్టింది. పట్టీకి రెండు కిలోమీటర్ల చొప్పున ఐదు అని పలక మీద రాసింది.

షాపాయన ఎర్ర సుద్దతో ఐదుని కొట్టేసి రెండున్నర వేశాడు.

"దారం సాగుతుంది పిన్నీ, స్కేలు సాగదు. కొలిస్తే స్కేలుతోనే కొలవాలి."

"దారి మీద సాగితే తక్కువ దారమే పడుతుంది, కొలత తగ్గాలి కదా మాస్టారూ. నాకు ఎక్కువొచ్చిందే."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఐదుగురికి ఒక జవాబు, ఒక్కతెకి ఇంకో జవాబు వచ్చినప్పుడు ఐదుగురి వైపు మొగ్గడమే బేరం తెలిసినవాడి పద్ధతి. అయినా ఆమె మొహం చిన్నబుచ్చుకోవడం చూసి, పట్టీ మీద పెట్టేటప్పుడు ఎక్కడో వేలు జారి ఉంటుందిలే అని సర్దిచెప్పాడు. పిన్ని పలక మీది ఐదుని తడిచేత్తో తుడిచింది. దారాన్ని మాత్రం పారెయ్యకుండా వాచీ పట్టీకి చుట్టుకుంది.

తరవాత ప్రయాణం లెక్క తేల్చారు. క్వార్టర్లు చేరాలంటే ఏటి మీది లోవంతెన దాటాలి. ప్రతి సాయంత్రం ఐదుంపావుకి డ్యామువాళ్ళు కరెంటు కోసం నీళ్ళు వదులుతారు. సైరను మోగిన రెండు మూడు నిమిషాలకి వంతెన మునుగుతుంది, రాత్రి తొమ్మిది దాకా తేలదు. ఐదుంపావులోపు దాటెయ్యి అని చెల్లెలు ఫోనులో పదిసార్లు చెప్పింది. ఆదివారమైతేనే పిన్నికి వీలు. మధ్యాహ్నం ఒంటిగంట పది బస్సు బాగుండేది గానీ దాని పక్కన చుక్క ఉంది, ఆదివారం రాదు. కాబట్టి మూడు గంటల ఐదు నిమిషాల బస్సు. నిలువు వరసలో దిగితే పంపుహౌసుకి నాలుగుంపావు. మ్యాపులో స్టాపు నుంచి వంతెన మూడున్నర సెంటీమీటర్లు, అంటే కిలోమీటరూ ముప్పావు. ఆమె నడకకి ముప్ఫై ఒకటిన్నర నిమిషాలు. నాలుగూ నలభై ఏడుకల్లా వంతెన దగ్గర ఉంటుంది. దాటడానికి నాలుగు నిమిషాలు. ఇంకా ఇరవై నాలుగు నిమిషాలు మిగులు.

షాపాయన ఆ మిగులు కింద రెండు గీతలు గీశాడు. క్లాసు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అంత బాగా కుదిరిన లెక్క ఆయన చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం పిన్ని సంచీ పట్టుకుని షాపు ముందునుంచే వెళ్ళింది. చేతికి మగవాళ్ళ వాచీ, దానికి చుట్టిన దారం, మడత పెట్టిన మ్యాపు. కౌంటరు దగ్గర కూర్చున్న షాపాయన అక్క, ఎవరి తోడూ లేకుండానా అంది. పిన్ని మ్యాపు ఊపి, మీ తమ్ముడే తోడు అంది.

నాలుగు దాటి పావుగంటయ్యాక ఇళ్ళ ప్లాన్లు గీసేవాడు ఒక ప్లాను జిరాక్సుకి తెచ్చాడు. పాత ఖాతాదారు, చాదస్తం మనిషి. షాపాయన అలవాటుగా కాగితం సైజు చూసి, కాస్త తగ్గిస్తే చిన్న కాగితంలోనే పడుతుంది అన్నాడు. అతను చేత్తో మిషను మూత పట్టుకున్నాడు.

"ఉన్నదున్నట్టే తియ్యండి. తగ్గించారా, పక్కన రాసిన స్కేలు అబద్ధమైపోతుంది. సెంటీమీటరుకి మీటరు అని రాసుంటుంది, బొమ్మ సగమైపోతుంది, రాత మాత్రం మారదు కదా. పోయినేడు ఒకాయన ఇలాగే కొలిచి గోడ తప్పుగా కట్టుకున్నాడు."

 ఆ మనిషి తన ధోరణిలో చెప్పుకుపోతూ, గళ్ళ పట్టీ ఉంటే పరవాలేదు, అది బొమ్మతోపాటే తగ్గుతుంది కాబట్టి ఎంత తగ్గించినా నిజమే చెబుతుంది అన్నాడు.

షాపాయన చేయి మీట మీదే ఉండిపోయింది. దారం సాగితే తక్కువ రావాలి కదా మాస్టారూ అన్న మాట చెవిలో మోగింది. సొరుగు లాగి చిన్న మ్యాపు ఒకటి తీశాడు, అలమర మీదినుంచి అసలు మ్యాపు దించాడు. రెంటి మీదా స్కేలు పెట్టాడు. అసలు మ్యాపులో స్టాపు నుంచి వంతెన ఏడు సెంటీమీటర్లు. చిన్నదాంట్లో మూడున్నర. రెండింటి మీదా అదే రాత, ఒక సెంటీమీటరు అంటే ఐదు వందల మీటర్లు.

అంటే వంతెన మూడున్నర కిలోమీటర్లు. ఆమె నడకకి అరవై మూడు నిమిషాలు. నాలుగుంపావుకి అరవై మూడు కలిపితే ఐదూ పద్దెనిమిది.

గోడ గడియారంలో నాలుగూ ఇరవై. ఆమె బస్సు దిగి ఐదు నిమిషాలైంది.

ఫోను చేశాడు. పక్క సందులోంచి మోత వినిపించింది. అక్క వెళ్ళి చూసొచ్చింది. ఇస్త్రీ బడ్డీలో మడత పెట్టిన చొక్కాల కింద, చార్జింగు తీగకి తగిలించిన ఫోను ఉంది. చెల్లెలి నంబరు ఆ ఫోనులో ఉంది, ఆ ఫోను తెరిచే గీత పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. అక్క తమ్ముడి మొహం చూసి ఏమైందిరా అంది. ఆయన చెప్పాడు. అక్క వెంటనే స్కూటరు తాళం తీసి చేతిలో పెట్టింది.

పంపుహౌసు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఆ ముసలి స్కూటరుకి యాభై నిమిషాలు. నాలుగూ ఇరవై ఐదుకి బయల్దేరితే ఐదుంపావు. అక్కణ్ణుంచి గట్టు రోడ్డు మీద మూడున్నర కిలోమీటర్లు, ఏడెనిమిది నిమిషాలు. అంటే ఐదూ ఇరవై మూడు. ఎటు తిప్పి వేసినా ఐదు నిమిషాలు తక్కువొస్తున్నాయి. బతుకంతా లెక్కల్లో ఐదూ పదీ ఎక్కడో ఒకచోట సర్దుకొచ్చిన మనిషి. ఈ ఐదు నిమిషాలు ఎక్కడా సర్దుబాటు కావడం లేదు.

దారిలో ప్రతి కిలోమీటరు రాయీ చూస్తూ నడిపాడు. ఆమె దారాన్ని నమ్ముకుందా, తన ఎర్ర సుద్దనా? ఇప్పుడు ఆమె ప్రాణం ఆ ఒక్కదాని మీదే ఉంది. తనే కొట్టేశాడు. తనే నవ్వాడు. ఐదుని తడిచేత్తో తుడిచేసిన పలక కళ్ళముందు ఆడింది. చెప్పినమాట వినే శిష్యురాలు అని ఒకప్పుడు అక్కతో గొప్పగా అన్నాడు. ఆ గుణమే ఇప్పుడు భయపెట్టింది. మొద్దురాచిప్పలకి చెబితే ఎవరూ మ్యాపు పట్టుకుని బయల్దేరేవారు కాదు. ఆమె టైంటేబుల్ తప్పు చదవలేదు, చుక్క మర్చిపోలేదు, కూడిక తప్పలేదు. అంతా సరిగ్గా చదివినందుకే సరిగ్గా ఆ నిమిషానికి అక్కడ ఉంటుంది.

పంపుహౌసు స్టాపులో బస్సు లేదు, బెంచీ మీద మనిషి లేదు. స్కూటరు మలుపు తిప్పుతుండగా ఏటివైపునుంచి సైరను మొదలైంది. వాచీ చూసుకోలేదు. చూసుకోవాల్సిన పనిలేదు.

గట్టు రోడ్డుకి ఒక పక్క కాలవ, రెండో పక్క మనిషెత్తు రెల్లుగడ్డి. స్కూటరు మీటరు మీద కిలోమీటరూ ముప్పావు తిరిగేసరికి ఆయనకి తెలియకుండానే కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. తన లెక్క ప్రకారం వంతెన ఇక్కడ ఉండాలి. రెల్లుగడ్డి ఉంది. ఇక్కడే ఆమె ఆగి ఉంటుంది. వాచీ చూసుకుని ఉంటుంది. వంతెన రాలేదేమిటని అనుకుని ఉంటుంది. ఆ తరవాత ఏమనుకుందో ఆయనకి తెలియదు. సైరను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం సైరను కంటే ఎక్కువ భయపెట్టింది.

చివరి మలుపు తిరిగాక ఏరు కనిపించింది. వంతెన కనిపించలేదు. దాని అంచు రాళ్ళ తలలు మాత్రం వరసగా కనిపించాయి, వాటిమీదుగా ఎర్రనీళ్ళు మడతలు పడుతూ దొర్లుతున్నాయి. రోడ్డు నేరుగా ఆ నీళ్ళలోకి దిగిపోతోంది. ఒడ్డున ఎవరూ లేరు. ఇవతల లేరు, అవతల లేరు. రోడ్డు చివర, నీళ్ళకి రెండు బారల ఇవతల, ఆమె సంచీ ఉంది.

స్కూటరు స్టాండు వెయ్యడం మర్చిపోయాడు. అది పక్కకి ఒరిగిపోయింది. సంచీ దాకా నడిచాడు. 

"ఇనుప గుర్రాన్ని పడేశావేం అబ్బాయ్. పెట్రోలు కారిపోతోంది."

హెచ్చరిక బోర్డు వెనక, దాని నీడలో, రాయి మీద మోకాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చేతిలో దారం.

ఆయన స్కూటరు లేపి నిలబెట్టి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.  తరవాత ఆమె, అడగకపోయినా, జరిగిందంతా చెప్పింది. బస్సు సరిగ్గా నాలుగుంపావుకే దింపిందట. నడక మొదలుపెట్టి మాస్టారి లెక్క ప్రకారం ముప్ఫై రెండో నిమిషానికి ఆగిందట. వంతెన లేదు. రెండు లెక్కల్లో ఒకటి అబద్ధమని అక్కడ తేలిపోయింది. దారం లెక్కైతే ఇంకా అంతే నడవాలి, అంటే చేరేసరికి ఐదుంపావు దాటుతుంది. వెనక్కి పోయినా అంతే దూరం, ముందుకి పోయినా అంతే దూరం. ముందుకి పోతే కనీసం చెల్లెలి ఇల్లైనా కంటికి కనిపిస్తుందని ముందుకే వచ్చింది, కానీ తన నడకే నడిచింది, అడుగు పెంచలేదు.

"నీ లెక్కే నిజమనుకుని ఉంటే ఏమనుకునేదాన్నో తెలుసా? నా మోకాళ్ళే ఆలస్యం చేశాయి, ఈ వంపు తిరిగితే వంతెనే, పద పద అని పరుగెత్తేదాన్ని. ఒక్క నాలుగైదు నిమిషాలు ముందు వచ్చి ఉంటే సైరను కూసేటప్పటికి నడిమధ్యలో ఉండేదాన్ని."

షాపాయన మ్యాపు తగ్గించిన సంగతి చెప్పాడు. కాగితం కలిసొస్తుందని యాభై నొక్కానని, రాత మారదని తట్టలేదని, దారమే సరైనదని, ఎర్ర సుద్ద తప్పని చెప్పాడు. ఆమె ఓపిగ్గా విన్నది. పట్టీ బొమ్మతోపాటు చిక్కిపోతుందన్న మాట దగ్గర తల ఊపింది. బట్ట ముడుచుకుంటే దాని మీది గళ్ళూ ముడుచుకుంటాయి, అంగడివాడు చెప్పిన కొలత మాత్రం అంతే ఉంటుంది, ఇందులో వింతేముంది అంది. ఆ మాట క్లాసులో చెప్పడానికి తనకి చేతకాలేదని కూడా అంది.

అవతలి ఒడ్డున, చెల్లెలు పంపిందేమో, ఎవరో నిలబడి బట్ట ఊపారు. పిన్ని లేచి తన కొంగు ఊపింది. నీళ్ళ హోరులో మాట దాటదు. రేపు వస్తానని చేత్తో సైగ చేసింది. రేపు సోమవారం, చుక్క బస్సు ఉంటుంది, ఒంటిగంట పదికి ఎక్కితే రెండూ ఇరవైకి దిగుతాను, మూడూ ఇరవై మూడుకి వంతెన దగ్గర ఉంటాను అని తనలో తనే లెక్కేసుకుంది. ఒక్క అంకె తప్పలేదు. తరవాత ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"ఆ కాగితాలు ఎన్ని తీశావు?"

"నలభై."

"క్లాసులో ఆరుగురమే కదా."

స్కూటరు వెనక ఆమెని ఎక్కించుకుని వస్తూ ఆయన దారంతా ఆ ముప్ఫై నాలుగింటినే లెక్కేశాడు. షాపు చేరగానే సొరుగు బోర్లించాడు. కౌంటరు మీద వదిలిందాంతో కలిపి ఇరవై ఆరు ఉన్నాయి. మిగతావి ఏమయ్యాయని అక్కని అడిగితే, డ్యాము క్వార్టర్లకి దారెటని అడిగినవాళ్ళకి ఇచ్చానంది. ఊరికే పడి ఉండడం ఎందుకు, పదిమందికీ పనికొస్తాయనుకుందట. అక్కడ కొత్త షిఫ్టుకి మనుషుల్ని తీసుకుంటున్నారు, ఈ వారమంతా జనం అడుగుతూనే ఉన్నారు. ఏడు ఇచ్చినట్టు గుర్తు. ఎవరికిచ్చిందో ఒకరి పేరూ తెలియదు. ఇరవై ఆరూ ఏడూ ముప్ఫై మూడు. ఇంకొకటి?

ఆ ఇంకొకటి ఏమైందో అప్పుడే షాపుకొచ్చిన వాచ్‌మన్ చెప్పాడు. సంబరంగానే చెప్పాడు. బస్టాండు షెడ్డులో టైంటేబుల్ పక్కన, అందరికీ కనపడేట్టు సొరుగులోంచి తీసుకుని తనే అతికించాడట. గంట కిందటే. కింద తన చేతిరాతతో రాశాడు కూడా: పంపుహౌసు నుంచి వంతెన, కిలోమీటరూ ముప్పావు. ఎవరూ కొలుచుకునే శ్రమ పడక్కర్లేకుండా.

షాపాయనా, పిన్నీ, వాచ్‌మనూ బస్టాండుకి నడిచారు. అర కిలోమీటరు. పిన్నికి తొమ్మిది నిమిషాలు పడుతుంది కాబట్టి మిగతా ఇద్దరూ ఆ నడకే నడిచారు.  షెడ్డులో లైటు వెలుగుతోంది. టైంటేబుల్ ఉంది. దాని పక్కన మ్యాపు లేదు. నాలుగు మూలలా జిగురంటిన కాగితం ముక్కలు మాత్రం గోడకి ఉన్నాయి. మధ్య భాగాన్ని బ్లేడుతో నీటుగా, రాత చెడకుండా, కోసి తీసుకెళ్ళారు. వాచ్‌మన్ వేలితో తడిమి చూశాడు. జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు.

అంత జాగ్రత్తగా కోసుకున్నవాడు పారెయ్యడానికి కోసుకుని ఉండడు.

వాచ్‌మన్ అక్షరాలు వచ్చిన సంతోషంలో చేశాను అంటుంటే షాపాయన ఆపాడు. తప్పు నీది కాదు బాబాయ్ అన్నాడు. పిన్ని టైంటేబుల్ ముందు నిలబడి, వాచీ పట్టీ విప్పి దాని అంచు నిలువు వరసకి ఆనించి, పైనుంచి కిందికి మెల్లగా దిగుతోంది. ఒంటిగంట పది. మూడూ ఐదు. పంపుహౌసు. నాలుగుంపావు.

"చుక్క బస్సులో రేపు నేనుంటా. దిగినవాళ్ళందరినీ అడిగి కాగితం ఉంటే లాక్కుంటా. దానికేం భయం లేదు, ఎలా నడిచినా పొద్దుండగానే దాటుతారు." వేలు పక్క వరసలో ఆగింది. "ఈ మూడూ ఐదుకి ఎవరుంటారు అబ్బాయ్?"

"నేనుంటా."

"ఒక్క రేపేనా?"

ఎనిమిది కాగితాలు, ఎనిమిది మంది, రోజూ ఒక బస్సు. ఎవరు ఏ రోజు ఎక్కుతారో ఏ టైంటేబుల్లోనూ ఉండదు. ఆయన ఎన్ని రకాలుగా వేసి చూసినా ఈ లెక్కకి జవాబు రాలేదు.

"కాగితాలన్నీ దొరికేదాకా" అన్నాడు.

పిన్ని ఇంకేమీ అడగలేదు. వాచీ పట్టీకి మళ్ళీ చుట్టుకున్న దారం విప్పి ఆయన చేతిలో పెట్టింది. ముడి అలాగే ఉంది.